పిన్ని పాలసీ కాగితం

2025 జూన్ 20, శుక్రవారం

తెనాలి నుంచి పిన్ని వాట్సాప్‌లో ఫొటో పంపింది. ఆరోగ్య సంజీవని పాలసీ షెడ్యూల్, మొదటి పేజీ. ఈ నెల 9న తీసిన స్కానింగులో గాల్‌బ్లాడర్‌లో రాళ్లు బయటపడ్డాయి. వచ్చే నెలలో ఆపరేషన్ చేయించుకోమన్నారట. "అందులో ఏమొస్తాయో, ఏం రావో ఒక కాగితం మీద తెలుగులో రాసి పెట్టమ్మా. మీ బాబాయి దగ్గర పెట్టుకుంటారు" అంది ఫోన్లో. ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో నేను రోజూ చూసే కాగితమే ఇది. డెస్కు దాకా వచ్చాక ఎవరికైనా చెప్పగలిగేది తక్కువ. ముందుగా అడిగినందుకు సంతోషం వేసింది.

కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌లోంచి తీయకుండా, ట్యూబ్‌లైటు కింద ఫొటో తీశారు. సరిగ్గా అంకెలున్న చోట తెల్లటి మెరుపు. కింద రెండు వరుసలు ఫ్రేములోకి రాలేదు. మూలన "పేజీ 1/4" అని మాత్రం కనబడుతోంది. అంటే ఇంకో మూడు పేజీలున్నాయి.

కవర్ తీసేసి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా, నాలుగు మూలలూ పడేట్టు మళ్లీ తీయమన్నాను. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, అందుకని డాక్యుమెంట్‌గా పంపమని తమ్ముడికి చెప్పాను. నిరుటి షెడ్యూల్ కూడా వెతకమన్నాను. అది పాత కాగితమే అయినా, వెయిటింగ్ పీరియడ్ లెక్కకి దానంత సాక్ష్యం ఇంకోటి లేదు.

జూన్ 22, ఆదివారం

నాలుగు పేజీలూ వచ్చాయి. పట్టికలో మూడు పేర్లు: బాబాయి, పిన్ని, తమ్ముడు. ముగ్గురికీ కలిపి ఐదు లక్షల ఫ్లోటర్. ప్రస్తుత పాలసీ 12-11-2024 నుంచి 11-11-2025 వరకు.

కాగితం మడత దగ్గర వంగి ఉండటంతో కుడివైపు గళ్లు కిందికి జారినట్టున్నాయి. ముందునుంచీ ఉన్న జబ్బులు రాసే గడిలో "డయాబెటిస్" అన్న మాట బాబాయి వరుసకీ పిన్ని వరుసకీ మధ్యన పడింది. ఫొటో చూసి రాసేటప్పుడు ఎక్కువ భయపడాల్సింది ఇలాంటి చోటే. మసకబారిన అంకె మసకగా ఉందని తెలుస్తూనే ఉంటుంది. జారిన వరుస మాత్రం స్పష్టంగా కనబడుతూనే ఒకరి జబ్బుని ఇంకొకరి పేరు మీద పెడుతుంది. తెర మీద స్కేలు ఆనించి చూస్తే గీత బాబాయి వైపుకే వెళ్తోంది. అయినా ఫోన్ చేసి అడిగాను. షుగర్ బాబాయికే, పాలసీ తీసుకున్నప్పుడే రాయించారు. పిన్నికి ఏమీ లేదు.

రాత్రి

రెండు చోట్ల అంకెలు ఇప్పటికీ తేలలేదు. పాలసీ మొదట మొదలైన తేదీ 12-11-2020 కావచ్చు, 2023 కావచ్చు. బోనస్ 60,000 కావచ్చు, 80,000 కావచ్చు. తమ్ముడికి నిరుటి షెడ్యూల్ ఇంకా దొరకలేదు.

కాగితం మీది లెక్కే దీన్ని తేల్చింది. ఈ పాలసీలో క్లెయిమ్ లేని ప్రతి ఏడాదికీ బీమా మొత్తంలో ఐదు శాతం బోనస్ కలుస్తుంది. నిరుడు నవంబరు దాకా బీమా మొత్తం మూడు లక్షలేనని, ఆ రెన్యువల్‌లోనే ఐదుకి పెంచామని బాబాయి చెప్పారు. మూడు లక్షల మీద ఏడాదికి 15,000. ఆ లెక్కన 80,000 రావడానికి వీల్లేదు. 60,000 అంటే సరిగ్గా నాలుగేళ్లు. 2024 నుంచి నాలుగేళ్లు వెనక్కి వెళ్తే 2020. మొదలు 2023 అయితే బోనస్ 15,000 దగ్గరే ఆగి ఉండేది.

అయినా నా కాగితంలో ఆ తేదీ పక్కన "పాత షెడ్యూల్‌తో సరిచూడాలి" అని రాశాను. లెక్కతో తేలింది, కంటితో చూసింది కాదు. ఆ మూడేళ్ల తేడా మీదే ఆపరేషన్ డబ్బు వస్తుందా రాదా అన్నది ఆధారపడి ఉంది.

జూన్ 24, మంగళవారం

షెడ్యూల్‌లో ఎవరు, ఎంత, ఎప్పటినుంచి అన్నవి ఉంటాయి. ఏది రాదు, ఎందుకు రాదు అన్నవి దాదాపుగా ఉండవు. కింద ఒక్క వాక్యం ఉంటుంది, పాలసీ నిబంధనలకు లోబడి అని. ఆ నిబంధనలు వేరే పుస్తకంలో ఉంటాయి. చాలామంది దాన్ని మెయిల్‌లో వచ్చిన పీడీఎఫ్‌గానే వదిలేస్తారు. షెడ్యూల్ ఫొటో ఒక్కదాన్నే పెట్టుకుని మినహాయింపులు రాయబోతే, రాసేవాళ్లు తమకి తెలిసిన ఇంకేదో పాలసీ నుంచి నింపేస్తారు. ఆరోగ్య సంజీవని ప్రామాణిక పాలసీ. 2020 ఏప్రిల్ నుంచి ఏ కంపెనీ అమ్మినా ముఖ్యమైన షరతులు ఒకటే. అంత నమ్మకమున్నా పిన్ని వాళ్ల పుస్తకమే తెప్పించుకున్నాను.

కాగితంలో ప్రతి వాక్యం చివరా ఒక గుర్తు పెడుతున్నాను. షెడ్యూల్‌లో చూసినదానికి "ష", పుస్తకంలో చూసినదానికి "పు", రెండింటిలో లేనిదానికి "అడగాలి". ఈ మూడో గుర్తు ఉన్న చోట ఖాళీగానే వదులుతాను. ఖాళీ చూస్తే బాబాయి ఫోన్ చేసి కనుక్కుంటారు. అక్కడ నా ఊహ రాసి ఉంటే అదే నమ్మి ఊరుకుంటారు.

అదే రోజు

2024 జనవరి నుంచి కంపెనీలు పాలసీతో పాటు కొత్త పద్ధతిలో కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ ఇవ్వాలి. కవరేజీ, మినహాయింపులు, వెయిటింగ్ పీరియడ్‌లు, క్లెయిమ్ పద్ధతి అన్నీ అందులో సులువైన మాటల్లో ఉంటాయి. అడిగితే స్థానిక భాషలో ఇవ్వాలి కూడా. తెలుగులో కావాలని ఈ రోజే మెయిల్ పెట్టించాను. షీటుకీ పాలసీకీ తేడా వస్తే పాలసీదే చెల్లుతుంది. నా కాగితానికీ అదే వర్తిస్తుందని పైనే రాసిపెట్టాను.

జూన్ 27, శుక్రవారం

మినహాయింపుల దగ్గర కూర్చున్నాను. ఐఆర్‌డీఏఐ 2019లో వీటికి ప్రామాణికమైన మాటలూ కోడ్ నంబర్లూ ఇచ్చింది, 01 నుంచి 18 దాకా. పుస్తకంలో అన్నీ "మినహాయింపులు" అన్న శీర్షిక కిందే ఉండటంతో చదివేవాళ్లకి అన్నీ ఒకే రకమనిపిస్తాయి. కానీ మొదటి మూడూ వెయిటింగ్ పీరియడ్‌లు. 01 ముందునుంచీ ఉన్న జబ్బులు, 02 పేరు పెట్టి చెప్పిన జబ్బులూ ఆపరేషన్లూ, 03 మొదటి 30 రోజులు. వీటికి గడువు తీరగానే డబ్బు వస్తుంది. 04 నుంచి ఉన్నవాటికి ఎన్నేళ్లు కట్టినా రాదు.

అందుకని పిన్ని కాగితంలో రెండు భాగాలు పెట్టాను: "ఎప్పటికీ రానివి", "ఫలానా తేదీ దాకా రానివి". ఎప్పటికీ రానివాటిలో మిగిలిన పదిహేను కోడ్‌లూ దించే పని పెట్టుకోలేదు. ఈ ఇంట్లో అవసరం పడేవే రాశాను. కేవలం పరీక్షల కోసం ఆసుపత్రిలో చేరితే రాదు. కళ్లజోడు పవర్ తీయించుకునే ఆపరేషన్‌కి, పవర్ 7.5 కంటే తక్కువైతే రాదు. తమ్ముడికి ఆ ఆలోచన ఉంది. కాన్పు ఖర్చు రాదు. రేపు తమ్ముడికి పెళ్లయితే ఇది తెలిసి ఉండాలి. అడ్మిట్ కాకుండా డాక్టరు దగ్గర చూపించుకున్న ఫీజులూ, ఇంట్లోనే చేయించుకున్న వైద్యమూ రావు. అడ్వెంచర్ క్రీడల గురించి రాసి బాబాయికి ఏం లాభం? మిగతావి పుస్తకంలో ఏ పేజీలో ఉన్నాయో మాత్రం ఇచ్చాను.

జూన్ 28, శనివారం

నిరుటి షెడ్యూల్ బీరువాలో దొరికింది. తేదీ 12-11-2020, తిరుగులేదు. "సరిచూడాలి" అన్నది కొట్టేశాను.

జూన్ 29, ఆదివారం

ఇవాళంతా వెయిటింగ్ పీరియడ్‌లతోనే గడిచింది. "24 నెలలు" అని రాసిస్తే చదివేవాళ్లకి ఉపయోగం లేదు. ఎప్పటినుంచి 24, ఎవరికి, ఎంత డబ్బుకి? ఈ మూడూ కలిపి తేదీగా మార్చి రాస్తేనే ఆసుపత్రి మెట్లెక్కేటప్పుడు పనికొస్తుంది.

గాల్‌బ్లాడర్ రాళ్లు 02 కోడ్ జాబితాలో ఉన్నాయి, 24 నెలలు. హెర్నియా, శుక్లాలు, మూలశంక, కిడ్నీ రాళ్లు కూడా అక్కడే. పిన్ని 2020 నవంబరు 12 నుంచి విరామం లేకుండా ఉంది కాబట్టి ఆమె గడువు 2022 నవంబరు 11తో తీరింది. ఇంతవరకూ ఎవరైనా చెప్పేస్తారు.

తర్వాతి వాక్యమే మనుషులకి దొరకదు. బీమా మొత్తం పెంచుకుంటే, పెరిగిన మేరకు వెయిటింగ్ మళ్లీ మొదటినుంచి లెక్క. మూడు లక్షలకి గడువు ఎప్పుడో తీరింది. 2024 నవంబరు 12న కలిసిన రెండు లక్షలకి మాత్రం 24 నెలలు 2026 నవంబరు 11 దాకా నడుస్తాయి. షెడ్యూల్‌లో కనబడేది "5,00,000" అన్న ఒకే అంకె. ఈ ఆపరేషన్‌కి పిన్ని చేతిలో ఉన్నది మూడు లక్షలు, దానిమీద కూడిన బోనస్ అరవై వేలు. ఆ వాక్యం నేనిలా రాశాను: "గాల్‌బ్లాడర్ ఆపరేషన్ డబ్బు వస్తుంది. 3,60,000 దాకానే. ఐదు లక్షలు అనుకోవద్దు. 2026 నవంబరు 12 నుంచైతే ఐదు లక్షలూ, అప్పటికి ఉన్న బోనసూ."

రాళ్లు ముందునుంచీ ఉన్న జబ్బు కాదా అని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. పాలసీ మొదలవడానికి ముందున్న 36 నెలల్లో డాక్టరు గుర్తించినదీ, వైద్యం చేసినదీ, వైద్యం చేయించుకోమన్నదీ ఆ నిర్వచనంలోకి వస్తుంది. 2024 ఏప్రిల్ నిబంధనలకు ముందు అది 48 నెలలు. పిన్నికి తెలిసిందే ఈ జూన్ 9న. రెండు లక్షల పెంపు అంతకు దాదాపు ఏడు నెలల ముందే జరిగింది. ఆ స్కాన్ రిపోర్టు మీది తేదీ కనబడేట్టు ఫొటో తీసి ఫైల్లో పెట్టమన్నాను. డిశ్చార్జ్ సమ్మరీలో ఎవరైనా అజాగ్రత్తగా "చాలా ఏళ్లుగా కడుపునొప్పి" అని రాస్తే ఈ చర్చంతా మళ్లీ మొదలవుతుంది. మా డెస్కులో ఎక్కువ ఉత్తరాలు నడిచేది అలాంటి ఒక్క వాక్యం మీదే. డాక్టరు అడిగినప్పుడు నొప్పి ఎప్పుడు మొదలైందో ఉన్నదున్నట్టు చెప్పమన్నాను పిన్నికి. సమ్మరీ చేతికిచ్చినప్పుడు ఆ వాక్యం చదివాకే ఇంటికి బయల్దేరమన్నాను.

బాబాయి షుగర్ లెక్క వేరు. మూడు లక్షలకి అప్పటి షరతు 48 నెలలు, అది 2024 నవంబరు 11తో తీరింది. కొత్త రెండు లక్షలకి 36 నెలలు, అంటే 2027 నవంబరు 11 దాకా. తమ్ముణ్ణి నిరుడు చేర్చారు కాబట్టి అతనికి అన్నీ 2024 నవంబరు 12 నుంచే మొదలు. ఒకే ఇల్లు, ఒకే కాగితం, ముగ్గురికీ మూడు రకాల తేదీలు.

జులై 1, మంగళవారం

పిన్ని ఫోన్ చేసింది. "రెన్యువల్ పది రోజులు ఆలస్యమైతే ఏమవుతుందే?" ఏడాదికోసారి కట్టే పాలసీకి 30 రోజుల గ్రేస్ ఉంది. ఆ లోపల కడితే గడిచిన ఏళ్ల లెక్క పోదు. కానీ ఆ మధ్య రోజుల్లో జబ్బు చేస్తే కవరేజీ ఉండదు. కాగితంలో తేదీలతో సహా రాశాను: నవంబరు 11 లోపు కట్టాలి.

జులై 3, గురువారం

డాక్టరు తేదీ ఇచ్చారు. జులై 14 సోమవారం చేరాలి, 16న ఇంటికి. ఆసుపత్రి ఖర్చు అంచనా కాగితం కూడా వచ్చింది. గది రోజుకి 8,000.

షెడ్యూల్ మూడో పేజీలో ఒక వరుస ఉంది: గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, రోజుకి 5,000 మించకుండా. రెండు శాతం లెక్క వేసుకుని పదివేల గది వస్తుందనుకునేవాళ్లని రోజూ చూస్తాను. వరుస చివరన ఉన్న ఐదు వేలే అసలు పరిమితి. గది, భోజనం, నర్సింగ్ మూడూ అందులోనే.

మూడు వేల తేడా మనం పెట్టుకుంటే సరిపోతుందని బాబాయి అన్నారు. అది షెడ్యూల్ చూసి అన్న మాట. పుస్తకంలో ఇంకో వాక్యం ఉంది. పరిమితి దాటిన గది తీసుకుంటే, గదితో ముడిపడిన ఖర్చులు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతాయి. సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు ఇందులోకి వస్తాయి. మందులు, పరీక్షలు, శరీరంలో అమర్చే పరికరాలు తగ్గవు. వాటిని ఈ కోతలో కలపకూడదని ఐఆర్‌డీఏఐ 2020లో చెప్పింది.

ఆసుపత్రి అంచనా అంకెలతో బాబాయికి లెక్క వేసి చూపించాను. రెండు రోజుల గది 16,000, సర్జన్, మత్తు, థియేటర్ కలిపి 80,000, మందులూ పరీక్షలూ 40,000. మొత్తం 1,36,000. ఎనిమిది వేల గదికి వచ్చేది ఐదు వేలే కాబట్టి నిష్పత్తి 62.5 శాతం. గదికి 10,000 వస్తుంది, 80,000 కాస్తా 50,000 అవుతుంది, 40,000 అలాగే ఉంటుంది. కలిపితే లక్ష. దానిమీద 5 శాతం కో-పే మనది. కంపెనీ ఇచ్చేది 95,000, బాబాయి జేబులోంచి 41,000.

ఐదు వేల గదైతే? 10,000, 80,000, 40,000, మొత్తం 1,30,000. కో-పే 6,500. జేబులోంచి అంతే. నిజానికి ఆ గదిలో సర్జన్ ఫీజు కూడా తక్కువే ఉంటుంది, నేను అదే అంకె ఉంచాను. గది అద్దెలో తేడా ఆరు వేలు, ఇంటి మీద పడేది 34,500. గ్లౌజుల్లాంటి చెల్లించని వస్తువులు రెండు లెక్కల్లోనూ విడిగా ఉంటాయి.

బాబాయి చాలాసేపు ఏమీ అనలేదు. "ఇది కాగితంలో ముందు రాయి" అన్నారు తర్వాత. "వచ్చేవి" అన్న భాగంలో అదే మొదటి వాక్యమైంది.

జులై 6, ఆదివారం

క్లెయిమ్ భాగం. దీన్నీ తేదీలతోనే రాశాను. చేరడానికి 48 గంటల ముందు తెలియజేయాలి. సోమవారం చేరికకి అది శనివారం. వారాంతంలో ఫోన్ ఎవరు ఎత్తుతారో ఏమో, 11 శుక్రవారమే చెప్పేయాలి. అత్యవసరంగా చేరాల్సి వస్తే 24 గంటల్లోపు, లేదా డిశ్చార్జ్‌కి ముందు, ఏది ముందైతే అది. టీపీఏ పేరూ ఫోన్ నంబరూ షెడ్యూల్‌లో ఉన్నాయి. వాటిని ఫొటోలోంచి ఎక్కించాక, ఒక్కో అంకె బయటికి చదువుతూ సరిచూశాను.

క్యాష్‌లెస్ సాఫీగా జరగాలంటే ఆసుపత్రి ఆ కంపెనీ నెట్‌వర్క్‌లో ఉండాలి. ఈ సంగతి షెడ్యూల్‌లో ఉండదు, ఆసుపత్రి డెస్కునీ టీపీఏనీ ఇద్దరినీ అడగాలి. 2024 మే సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలో నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జ్ అభ్యర్థన అందిన మూడు గంటల్లో చివరి అనుమతి ఇవ్వాలి. ఈ రెండు గడువులూ బాబాయి కాగితంలో పెద్దక్షరాల్లో పెట్టాను. అభ్యర్థన ఎన్ని గంటలకి వెళ్లిందో డెస్కులో అడిగి పక్కన రాసుకోమన్నాను.

క్యాష్‌లెస్ కుదరకపోతే డిశ్చార్జ్ అయిన 30 రోజుల్లో కాగితాలన్నీ ఇవ్వాలి. జులై 16 నుంచి ఆగస్టు 15. ఆరోజు సెలవు, 14నే ఇవ్వాలి. ఇంటికొచ్చాక 60 రోజుల మందులకీ పరీక్షలకీ వస్తుంది, సెప్టెంబరు 14 దాకా. ఆ బిల్లులు ఇవ్వడానికి ఆపైన 15 రోజులు, సెప్టెంబరు 29.

చేరడానికి ముందు 30 రోజుల ఖర్చు కూడా వస్తుంది. లెక్క జూన్ 14 నుంచి మొదలు. స్కాన్ తీసింది జూన్ 9న. ఆ బిల్లు రాదు. పిన్ని దాన్ని జాగ్రత్తగా దాచింది. రిపోర్టు మాత్రం క్లెయిమ్‌కి కావాలి.

జులై 9, బుధవారం

"అడగాలి" గుర్తున్నవి మూడు మిగిలాయి. ఆసుపత్రి నెట్‌వర్క్‌లోనే ఉందని ఇద్దరూ చెప్పారు. సర్జన్ ఫీజు గది తరగతిని బట్టి మారుతుందా అన్న ప్రశ్నకి మారుతుందని జవాబు వచ్చింది. మారని ఆసుపత్రైతే నిష్పత్తి కోత పెట్టకూడదు, అందుకే ముందే అడగడం. మూడోది బోనస్. క్లెయిమ్ చేసిన ఏడాది తర్వాత బోనస్ పెరిగిన లెక్కనే తగ్గుతుందని పుస్తకంలో ఉంది. ఏ బీమా మొత్తం మీద తగ్గిస్తారో దానికి జవాబు రాలేదు. ఆ చోటు ఖాళీగానే ఉంది. నవంబరులో కొత్త షెడ్యూల్ వచ్చాక బాబాయి నింపుకుంటారు.

జులై 11, శుక్రవారం

టీపీఏకి మెయిల్ వెళ్లింది, రిఫరెన్స్ నంబరు వచ్చింది. 4,500 గది రాయించుకున్నారు. చేరే రోజు ఆ తరగతిలో ఖాళీ లేదని పై గదిలో వేసినా కోత తప్పదు. కాబట్టి ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి గది ఉందో లేదో కనుక్కోమన్నాను. లేకపోతే ఇది అత్యవసరం కాదు కాబట్టి, ఒకరోజు ఆగవచ్చా అని డాక్టరుగారినే అడగమన్నాను. ఆగితే క్లెయిమ్ భాగంలో తేదీలన్నీ ఒక్కో రోజు జరుగుతాయి. అవి పెన్సిల్‌తో రాసి ఉన్నాయి.